షాపు ఓనరుకి వాట్సాప్‌లో సెలవు అడగడం ఎలా: మెసేజ్ చిన్నగా, మర్యాద తగ్గకుండా

మా షాపులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మొదటి నెల తిరక్కుండానే నన్ను పక్కకు పిలిచి ఒకటే అడుగుతారు. "అన్నా, సెలవు కావాలి. ఓనరుకి వాట్సాప్‌లో ఏమని పెట్టాలి? పొట్టిగా పెడితే పొగరు అనుకుంటారేమో, పెద్దగా పెడితే చదవరేమో." పక్క షాపుల కుర్రాళ్లూ, బొటిక్‌లో పనిచేసే మా చెల్లెలూ, ఆమె స్నేహితురాళ్లూ కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

నేను ఎలక్ట్రికల్, శానిటరీ సామాన్ల షాపులో పదకొండేళ్లుగా బిల్లింగ్, లెక్కలు చూస్తున్నాను. మొత్తం ఏడుగురం. హెచ్‌ఆర్ అంటూ ఎవరూ లేరు, సెలవు ఫారాలు లేవు. అన్నీ ఓనరు ఫోన్‌లోనే జరుగుతాయి. కస్టమర్లు పంపిన ఫోటోలు చూసి ఎస్టిమేట్ వెయ్యమని ఆ ఫోన్ రోజుకు పదిసార్లు నా చేతికి ఇస్తారు కాబట్టి, అవతలి వైపు నుంచి మన మెసేజ్ ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. పైన ఒకరు విరిగిన పైపు ఫోటో పంపి "ఇది ఉందా" అంటారు. కింద ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు లారీ రసీదు పంపుతారు. ఆ మధ్యలో మన "గుడ్ మార్నింగ్ సార్" ఉంటుంది. ఓనరు దాన్ని తెరవరు. కోపంతో కాదు, అందులో తెరవాల్సిన సంగతేమీ కనిపించదు కాబట్టి.

ఒక చిన్న మాట ముందే చెప్తాను. సెలవు మెసేజ్ చదివినప్పుడు ఓనరు బుర్రలో మొదట తిరిగేది "ఎందుకు" అన్న ప్రశ్న కాదు. "ఏ రోజు? ఆ రోజు ఈ పని ఎవరు చేస్తారు?" అన్నవే. ఈ రెండింటికీ జవాబు ఇస్తే మెసేజ్ దానంతటదే పొట్టిగా వస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సెలవు తేదీ, వారం. మళ్లీ ఏ రోజు, ఎన్ని గంటలకు షాపులో ఉంటారో ఆ సమయం.
- మీ పని చూస్తానని ఒప్పుకున్న మనిషి పేరు.
- మీ చేతిలో ఆగి ఉన్న పనులు, మీ దగ్గరున్న తాళాలు, మీరు వసూలు చేసి ఇంకా కట్టని డబ్బు. వీటిని ఒక కాగితం మీద రాసుకోండి.
- ఓనరు సొంత నంబరు. షాపు నంబరు కాదు.

చివరి దాని గురించి కొంచెం చెప్పాలి. చాలా షాపులకు ఇప్పుడు విడిగా వాట్సాప్ బిజినెస్ నంబరు ఉంటోంది. దానికి మెసేజ్ పెడితే "మీ మెసేజ్ అందింది, త్వరలో స్పందిస్తాం, ధన్యవాదాలు" అని వెంటనే జవాబు వస్తుంది. అది కస్టమర్ల కోసం పెట్టిన ఆటోమేటిక్ జవాబు. మా దగ్గర డెలివరీ చూసే అబ్బాయి ఒకసారి దాన్నే ఓనరు ఒప్పుకున్నట్టు అనుకుని ఊరెళ్లిపోయాడు. తప్పు అతనిది కాదు, అతని దగ్గర ఉన్న నంబరు అదొక్కటే. మీ దగ్గర ఏ నంబరు ఉందో ఇప్పుడే చూసుకోండి.

1. అసలు మెసేజ్ సరిపోతుందో లేదో తేల్చుకోండి

ఒకటి రెండు రోజుల సెలవు, కనీసం ఒక రోజు ముందే తెలిసింది అంటే మెసేజ్ చాలు. నాలుగు రోజులు దాటితే, ఇంట్లో పెళ్లి అయితే, పండగ ముందు అయితే సాయంత్రం కౌంటర్ ఖాళీ అయ్యాక ఎదురుగా అడగండి. ఆ తర్వాత అదే మాట మెసేజ్‌గా పెట్టండి, గుర్తుకు ఉంటుంది. పొద్దున లేచేసరికి జ్వరమో, రాత్రికి రాత్రి ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చడమో అయితే ముందు ఫోన్, తర్వాత మెసేజ్. షాపు తీయడానికి గంట ముందు పెట్టిన మెసేజ్‌ను ఓనరు చూస్తారన్న నమ్మకం లేదు. అప్పటికి ఆయన స్నానంలోనో, పూజలోనో, బండి మీదో ఉంటారు.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మీరే మెసేజ్ రాయాల్సిన పని లేదు. తోటి ఉద్యోగి ఒకరికి చెప్పండి, వాళ్లు ఓనరుకి ఫోన్ చేస్తారు. ఆ పరిస్థితిలో మర్యాద లోపించిందని ఎవరూ అనుకోరు.

2. ఓనరు కన్నా ముందు పక్కవాళ్లతో మాట్లాడండి

"శ్రీను చూసుకుంటాడు" అని రాసేముందు శ్రీనుతో మాట్లాడి తీరాలి. ఓనరు మెసేజ్ చదివిన నిమిషంలోనే కౌంటర్ దగ్గర నుంచి కేక వేస్తారు, "ఒరేయ్ శ్రీనూ, గురువారం బిల్లింగ్ నువ్వు చూస్తున్నావంట?" అని. అప్పుడు శ్రీను "నాకు తెలీదే" అన్నాడంటే సెలవు సంగతి అలా ఉంచండి, మీ మాట మీద నమ్మకం పోతుంది.

అతను ఏం చూసుకోవాలో కూడా చెప్పి ఉంచండి. మా దగ్గర అయితే అరువు ఖాతా ఎవరిది, ఏ మేస్త్రీకి ఎంత వరకు ఇవ్వచ్చు, ఏ బిల్లు మీద డెలివరీ ఇంకా వెళ్లలేదు అన్న మూడు చెప్తే చాలు. మీ పని ఎవరూ చేయలేనిదైతే అది కూడా నిజాయితీగా రాయండి. "ఆ రెండు రోజుల ఎంట్రీలు వచ్చాక నేనే ఎక్కిస్తాను" అన్నది కూడా జవాబే.

3. తేదీ ఎంచుకునేటప్పుడు షాపు క్యాలెండర్ కూడా చూడండి

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. బిల్లింగ్ చూసే అబ్బాయి వాళ్ల నాన్నకి కంటిలో శుక్లం ఆపరేషన్. మామూలుగా ఆపరేషన్ అయిన రోజే ఇంటికి పంపేస్తారు, మర్నాడు ఒకసారి చూపించుకోవడానికి రమ్మంటారు. అంటే అతనికి కావాల్సింది ఒక పూర్తి రోజు, మర్నాడు ఒక పూట. ఆసుపత్రి వాళ్లు 10వ తేదీ గానీ 12వ తేదీ గానీ రమ్మన్నారు.

ఇతను 12 తీసుకున్నాడు. ఎందుకంటే నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే షాపుకి జీఎస్‌టీఆర్-1 వేయడానికి ఆఖరు తేదీ 11. అప్పటికి అమ్మకం బిల్లులన్నీ ఎక్కి ఉండాలి, ఆడిటర్ ఆఫీసు నుంచి ఫోన్లు వస్తుంటాయి. బిల్లింగ్ మనిషి 10న లేకపోతే ఓనరు ఎంత మంచివారైనా ముఖం ముడుచుకుంటారు. ఇలాగే 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బి రిటర్ను ఉంటుంది. మీ షాపు బట్టలదైతే ముహూర్తాల ముందు వారం, మందులదైతే కంపెనీ స్టాకు దిగే రోజు, హోటల్ అయితే ఆదివారం ఇలాంటివే. ఆపరేషన్ లాంటివి ఒక్కోసారి మన చేతిలో ఉండవు. చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఈ ఒక్క పని చేస్తే సగం మాటలు అవసరం లేకుండా పోతాయి.

4. మెసేజ్ రాయండి

ముందు ఆ అబ్బాయి రాసుకొచ్చిన మొదటి మెసేజ్ చూడండి.

> గౌరవనీయులైన యజమాని గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను తమరి షాపులో గత రెండు సంవత్సరములుగా పనిచేయుచున్నాను. మా నాన్నగారికి గత కొంతకాలముగా కంటిచూపు మందగించినందున డాక్టరు గారిని సంప్రదించగా...

ఇది బడిలో నేర్చుకున్న లీవ్ లెటర్. ఇందులో మర్యాదకు లోటు లేదు. కానీ ఫోన్ తెర మీద కనిపించేది మొదటి ఒకటి రెండు వరసలే. అందులో తేదీ లేదు, సెలవు అన్న మాటే లేదు. రెండేళ్లుగా పనిచేస్తున్నాడని ఓనరుకి తెలుసు. పైగా రోజూ "సార్, ఈ బిల్లు చూడండి" అని మాట్లాడే మనిషి ఒక్కసారిగా "తమరి" అని రాస్తే అవతలివాళ్లకు కొత్తగా, దూరంగా అనిపిస్తుంది.

ఇది వద్దన్నానని రెండోసారి ఇలా రాశాడు.

> అన్నా 12 రాను. నాన్నకి ఆపరేషన్.

ఇందులో తేదీ ఉంది, కారణం ఉంది. కానీ ఇది అడగడం కాదు, చెప్పేయడం. "రాను" అన్నది తీర్మానం. ఎన్నాళ్లో తెలియదు, బిల్లింగ్ ఎవరు చూస్తారో తెలియదు. ఓనరు మళ్లీ మూడు ప్రశ్నలు టైపు చేయాలి.

చివరికి ఇద్దరం కూర్చుని తయారు చేసింది ఇది.

> సార్, 12 గురువారం పూర్తిగా, 13 శుక్రవారం మధ్యాహ్నం వరకు సెలవు కావాలండి. నాన్నకి కంటి ఆపరేషన్, నేనే దగ్గరుండాలి. బిల్లింగ్ శ్రీను చూస్తానన్నాడు. 11 రాత్రికి బిల్లులన్నీ ఎక్కించేస్తాను. శుక్రవారం 2 గంటలకు షాపులో ఉంటాను. మీరు సరేనంటే ఆసుపత్రిలో తేదీ ఖాయం చేసుకుంటానండి.

ముప్పై మాటలకు కాస్త ఎక్కువ. తెరవకుండానే మొదటి వరసలో ఎవరు, ఏ రోజు, ఏం కావాలి అన్నది కనిపిస్తుంది. కారణం ఒక్క ముక్కలో అయిపోయింది. "నేనే దగ్గరుండాలి" అన్నది చిన్నదే గానీ అవసరం, లేకపోతే "మీ అన్నయ్య ఉన్నాడు కదా" అన్న ప్రశ్న వస్తుంది. అసలు మర్యాద మాత్రం చివరి వాక్యంలో ఉంది. తేదీ ఇంకా ఖాయం కాలేదు, మీ మాట కోసం ఆగాను అని అది చెప్తుంది. రెండు పేరాల దండాలకన్నా ఓనరుకి ఈ ఒక్క వాక్యంలోనే ఎక్కువ గౌరవం కనిపిస్తుంది. అయితే నిజంగా ఆగి ఉంటేనే అలా రాయండి. తేదీ అప్పటికే ఖాయమైపోతే "ఆసుపత్రి వాళ్లు ఆ తేదీనే ఇచ్చారండి, సెలవు ఇప్పించగలరా" అని ఉన్నదున్నట్టు రాయండి.

కారణం ఎంతవరకు చెప్పాలి? ఒక ముక్క చాలు. ఆడవాళ్లు "ఆరోగ్యం బాగాలేదండి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి" అని ఆపేయచ్చు, అంతకు మించి చెప్పాల్సిన బాధ్యత లేదు. "ఇంట్లో పని ఉందండి" అన్నా తప్పు లేదు, నెలకు మూడుసార్లు అనకపోతే. లేని చావులు, లేని జ్వరాలు మాత్రం రాయకండి. ఓనరు మీ ఊరివాళ్లను ఎవరినో ఒకరిని ఎరిగే ఉంటారు, పరామర్శకు ఫోన్ చేస్తారు.

5. మర్యాద ఎక్కడ పెట్టాలి

తెలుగులో మనకున్న సౌకర్యం ఏమిటంటే మర్యాద కోసం విడిగా వాక్యాలు రాయక్కర్లేదు, మాట చివర చేరిపోతుంది. "కావాలి" అంటే గద్దించినట్టు ఉంటుంది, "కావాలండి" అంటే అడిగినట్టు ఉంటుంది. పెరిగింది ఒక్క ముక్కే. మొదటి వాక్యం చివర ఒక "అండి", ఆఖరి వాక్యం చివర ఒక "అండి" సరిపోతాయి. ప్రతి వాక్యానికీ తగిలిస్తే బతిమాలినట్టు ఉంటుంది, చదవడానికీ అడ్డం.

"రాను" కన్నా "రాలేను" మెత్తన. రానన్నది ఇష్టం, రాలేనన్నది ఇబ్బంది. "లీవ్ తీసుకుంటున్నాను" బదులు "లీవ్ ఇస్తారా", "లీవ్ ఇప్పించండి" అని రాయండి. "అర్థమైందా", "గుర్తుపెట్టుకోండి", "త్వరగా చెప్పండి" లాంటివి పైవాళ్లకు రాసే మాటలు కావు. తొందరగా జవాబు కావాలంటే ఎందుకో చెప్పండి: "సాయంత్రం లోపు చెప్తే టికెట్ బుక్ చేసుకుంటానండి."

పిలుపు మాత్రం షాపులో ఎలా పిలుస్తారో అలాగే ఉంచండి. సార్ అంటే సార్, మేడమ్ అంటే మేడమ్, సేఠ్ అంటే సేఠ్. అన్నా, అక్కా అని పిలిచే చోట కూడా రాతలో "మీరు" వాడండి. "అన్నా, నువ్వు చెప్పు" అని ఎదురుగా అంటే చనువు. అదే మాట ఫోన్ తెర మీద ఉంటే, ఆ ఫోన్ కౌంటర్ మీద పడి ఉంటుంది, వాళ్లబ్బాయో, ఆడిటరో చూస్తారు. ఓనరుకి చిన్నతనంగా ఉంటుంది. "అన్నా, 12న సెలవు ఇస్తారా" అంటే చనువూ పోదు, గౌరవమూ తగ్గదు.

6. తెలుగు చదవలేని ఓనరు అయితే

ఇది చాలామందికి ఉండే ఇబ్బందే. మన ఊళ్లలో తెలుగు గలగలా మాట్లాడే మార్వాడీ, గుజరాతీ ఓనర్లు చాలామంది తెలుగు లిపి చదవలేరు. తెలుగువాళ్లలోనూ ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్న చిన్న వయసు ఓనర్లు కొందరు అంతే. అప్పుడు మనం ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాస్తాం. అక్కడే ఒక ప్రమాదం ఉంది. కళ్లు అని రాసినా, కాళ్లు అని రాసినా చాలామంది టైపు చేసేది `kallu` అనే. మన ఉదాహరణలో "నాన్నకి కళ్లు ఆపరేషన్" అన్నది కాళ్ల ఆపరేషన్‌గా చదివితే, రెండు రోజులు అడిగినవాడు రెండు వారాలు రాడేమో అని ఓనరు కంగారుపడతారు. ఇలాంటి చోట `eye operation` అని నేరుగా ఇంగ్లీష్ మాటే వేయండి. తేదీ ఎప్పుడూ అంకెల్లోనే ఉండాలి.

వాయిస్ మెసేజ్ ఇంకో దారి. ఇరవై సెకన్లు దాటనివ్వకండి, మొదటి మాటే తేదీ కావాలి. కౌంటర్ దగ్గర పదిమంది ఉండగా ఓనరు దాన్ని స్పీకర్‌లో పెట్టేస్తారు, కాబట్టి ఇంటి గొడవలు అందులో చెప్పకండి. వాయిస్ పంపిన వెంటనే దాని కింద తేదీలు మాత్రం ఒక వరస టైపు చేయండి. వారం తర్వాత ఆ తేదీ కోసం ఎవరూ వాయిస్ మళ్లీ వినరు.

7. పంపే ముందు, పంపేటప్పుడు

అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు "రేపు". నేను చేసిన తప్పే చెప్తాను. చేరిన రెండో ఏడాది, రాత్రి 11:40కి "సార్, రేపు సెలవు కావాలండి" అని పెట్టాను. ఓనరు అది పొద్దున 7 గంటలకు చదివారు. ఆయన లెక్కలో రేపు అంటే ఆ మర్నాడు. "సరే" అన్నారు. నేను ఊరి బస్సులో ఉండగా పదింటికి ఫోన్, "ఎక్కడున్నావ్, కంపెనీ మనిషి వచ్చి కూర్చున్నాడు" అని. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. అప్పటి నుంచి రేపు, ఎల్లుండి, "వచ్చే సోమవారం" అన్న మాటలు ఒంటరిగా రాయను. మంగళవారం నాడు "వచ్చే సోమవారం" అంటే ఒకరికి ఆరు రోజుల్లో వచ్చేది, ఇంకొకరికి ఆ పై వారానిది. తేదీ, వారం రెండూ కలిపి రాస్తే ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది.

పంపే సమయం కూడా చూసుకోండి. మా షాపులో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య గిరాకీ పల్చగా ఉంటుంది, ఆ సమయంలో పెట్టిన మెసేజ్‌కి పావుగంటలో జవాబు వస్తుంది. మీ షాపులో ఆ ఖాళీ సమయం ఏదో మీకు తెలుసు. రాత్రి షాపు కట్టేసి క్యాష్ లెక్కపెట్టుకునే వేళ మాత్రం వద్దు.

అంతా ఒకే మెసేజ్‌గా పంపండి. "సార్" అని ఒకటి, "బిజీనా" అని ఒకటి, "చిన్న మాట" అని ఇంకొకటి పంపితే ఫోన్ అన్నిసార్లు మోగుతుంది, పైగా చాట్ జాబితాలో కనిపించేది ఆఖరి మెసేజ్ మాత్రమే. డాక్టరు చీటీ ఫోటో పంపాలనిపిస్తే మెసేజ్ తర్వాత విడిగా పంపకండి, జాబితాలో ఫోటో అన్న గుర్తే కనిపించి మీ మాట వెనక్కి పోతుంది. ఫోటో కింద రాసే చోటే మెసేజ్ రాయండి. అడగకుండా చీటీ పంపడం నాకైతే నచ్చదు, నమ్మరేమో అని ముందే అనుకున్నట్టు ఉంటుంది.

షాపు గ్రూపులో సెలవు అడగకండి. అందరి ముందు కాదనలేక ఓనరు ఇరుకున పడతారు, లేదా అందరి ముందే కాదంటారు. రెండూ మీకు మంచివి కావు. ఒప్పుకున్నాక గ్రూపులో "12, 13 తేదీల్లో బిల్లింగ్ శ్రీను చూస్తాడు" అని పెట్టచ్చు.

తేదీ తప్పు పడిందా? పంపిన 15 నిమిషాల లోపు అయితే మెసేజ్‌ను నొక్కిపట్టి దిద్దుకోవచ్చు. ఓనరు అప్పటికే చదివేసి ఉంటే ఊరికే దిద్దకండి, ఆయన పాత తేదీతోనే ఉండిపోతారు. కింద "తేదీ తప్పు రాశానండి, 12 కాదు, 13" అని విడిగా పంపండి. మెసేజ్ చెరిపేస్తే అక్కడ ఏదో చెరిపిన గుర్తు మిగులుతుంది, ఏం దాచారో అన్న అనుమానం మొదలవుతుంది.

8. ఒప్పుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది

ఒక్క టిక్ ఉంటే మెసేజ్ ఇంకా ఆయన ఫోన్‌కి చేరలేదు. రెండు బూడిద రంగు టిక్కులంటే చేరింది. నీలం అయితే తెరిచారు. నీలం టిక్ ఒప్పుకోవడం కాదు, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదు. కొందరు నీలం టిక్ కనిపించకుండా సెట్టింగ్ పెట్టుకుంటారు కాబట్టి, నీలం రాలేదని చదవలేదనీ అనుకోకండి.

"సరే", "ఓకే", "వెళ్లు" అంటే ఒప్పుకున్నట్టే. బొటనవేలి గుర్తు పెడితే నేను సగం అంటాను. కస్టమర్ల మెసేజ్‌లన్నిటికీ అదే గుర్తు కొట్టే అలవాటు కొందరికి ఉంటుంది. సాయంత్రం ఎదురుపడినప్పుడు "సార్, గురువారం సంగతి చూశారు కదండీ" అని ఒక్కసారి అనండి. "చూద్దాం" అన్నది ఒప్పుకోలు కాదు, చాలాసార్లు అది మెల్లగా చెప్పిన "వద్దు". అప్పుడు కారణం మళ్లీ వివరించకండి, ఇబ్బంది ఏమిటో అడగండి: "ఆ రోజు ఏదైనా లోడు ఉందా సార్? ఒక పూట వచ్చి వెళ్లమన్నా వస్తాను."

నాలుగైదు గంటలైనా జవాబు లేకపోతే, మీ పాత మెసేజ్‌ను కుడివైపుకి లాగి దానికే జవాబుగా "సార్, దీని గురించి ఒక్కసారి చెప్పండి" అని పెట్టండి. పాత మెసేజ్ పైన కనిపిస్తుంది, ఆయన వెతుక్కోనక్కర్లేదు. ఇది ఒక్కసారే. దానికీ పలకకపోతే ఇక వాట్సాప్ వదిలేసి వెళ్లి అడగండి. ప్రశ్నార్థకాలు వరసగా పంపడం మర్యాద కాదు.

ఒప్పుకున్న జవాబును నొక్కిపట్టి స్టార్ పెట్టుకోండి. నెలాఖరున జీతం లెక్కలో "చెప్పకుండా మానేశావు" అన్న మాట వస్తే చూపించడానికి ఉంటుంది. చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

జీతం కోత సంగతి సెలవు అడిగే మెసేజ్‌లో కలపకండి. మన రెండు రాష్ట్రాలకూ మూలంగా ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో, 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన మనిషికి ఆ తర్వాతి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు అని రాసి ఉంది. అది తెలుసుకుని ఉండటం మంచిది. దాన్ని ఓనరుతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. నాన్న ఆపరేషన్ అడిగే చోట సెక్షన్లు రాస్తే ఆపరేషన్ పక్కకు పోయి గొడవ ముందుకు వస్తుంది.

9. పొద్దున్నే జ్వరం వస్తే

ముందు ఫోన్ చేయండి. ఎత్తకపోతే రెండోసారి, అంతే. ఆ తర్వాత ఇలా పెట్టండి.

> సార్, ఈరోజు 5 మంగళవారం రాలేనండి. రాత్రి నుంచి జ్వరం. గోడౌన్ తాళాలు తమ్ముడితో 9 కల్లా పంపిస్తున్నాను. పార్శిల్ రసీదు నా సొరుగులో ఉంది. రేపటి సంగతి సాయంత్రం 6 లోపు చెప్తానండి.

ఇక్కడ అడగడానికి సమయం లేదు కాబట్టి "రాలేనండి" అని చెప్పడం తప్పు కాదు. జ్వరం ఎంత, ఏ మందు వేసుకున్నాను అన్నవి అక్కర్లేదు. తాళాలు మీ దగ్గర ఉండిపోతే ఓనరు షటర్ ముందు నిలబడాలి, ఆ మాట ముందు రాయండి. సాయంత్రం 6 అన్నారంటే ఆరింటికి తప్పకుండా చెప్పండి, తగ్గినా తగ్గకపోయినా.

10. వెళ్లే ముందు రోజు, వచ్చిన రోజు

మన అబ్బాయి 11 సాయంత్రం ఇది పెట్టాడు: "సార్, బిల్లులన్నీ ఎక్కించాను, క్యాష్ తాళం శ్రీనుకి ఇచ్చాను. రేపు 12, ఎల్లుండి 13 మధ్యాహ్నం వరకు ఉండనండి. ఏదైనా ఉంటే ఫోన్ చేయండి." వారం కింద ఒప్పుకున్న సెలవు ఓనరుకి గుర్తుండకపోవచ్చు, ఈ మెసేజ్ చూస్తే గుర్తొస్తుంది. ఇందులో రేపు, ఎల్లుండి పక్కనే తేదీలు కూడా ఉన్నాయి చూడండి.

శుక్రవారం ఆసుపత్రిలో ఆలస్యమైంది. 12:30కే అతనికి అర్థమైంది, రెండింటికి చేరలేనని. వెంటనే "సార్, డాక్టరు ఇంకా చూడలేదండి. 2 కాదు, 3:30 అవుతుంది" అని పెట్టాడు. రెండు దాటాక పెట్టి ఉంటే అదే మాట సాకులా ఉండేది. 3:20కి షాపులో ఉన్నాడు. ఓనరు మొదట అడిగింది "నాన్నకి ఎలా ఉంది" అని.

ఆ రోజు మెసేజ్ ఏమీ అక్కర్లేదు. లోపలికి రాగానే ఎదురుగా "వచ్చానండి సార్" అని ఒక మాట అని, శ్రీను దగ్గర తాళం తీసుకుని, ఆ రెండు రోజుల బిల్లులు ఒకసారి తిరగేయండి.